300 శాతం మహానుభావులు

మన దేశంలో జీడీపీ ఏడు శాతం పెరిగితే మంత్రిగారు ప్రెస్ మీట్ పెడతారు. ఫ్రీలాన్స్ డిజైనర్ గారు మాత్రం ఒక లేబుల్ గీసి, ఒక్క పోస్టులో 300 శాతం పెంచేస్తారు. ‘క్లయింట్ అమ్మకాలు 300 శాతం పెంచాను. మీ బ్రాండ్‌ను కూడా మార్చేద్దాం. వెంటనే మెసేజ్ చేయండి’ అని ఉంటుంది. పక్కనే రాకెట్ బొమ్మ. ఆర్థిక శాఖ వీరిని ఎందుకు పిలిపించుకోవడం లేదో నాకు అర్థం కాదు.

ఈ 300 ఎలా తయారవుతుందో ఒకసారి వండి చూద్దాం. ఇంటి దగ్గర పచ్చళ్లు పెట్టి కొరియర్‌లో పంపే ఒక చిన్న వ్యాపారం ఉందనుకోండి. మార్చిలో 20 ఆర్డర్లు వచ్చాయి. ఏప్రిల్ మధ్యలో మన డిజైనర్ కొత్త లేబుళ్లు చేసిచ్చాడు. మే నెలలో 80 ఆర్డర్లు వచ్చాయి. ఇరవై మీద అరవై పెరిగాయి కాబట్టి 300 శాతం. లెక్కలో తప్పేమీ లేదు, ఏ మాస్టారైనా ఫుల్ మార్కులు వేయాల్సిందే. కాకపోతే మే నెల అంటే ఆవకాయ సీజన్. ఆ నెలలో సీసాకు న్యూస్‌పేపర్ చుట్టి పంపినా ఆర్డర్లు వస్తాయి. మామిడి చెట్టు చేసిన పనికి డిజైనర్ బిల్లు పెట్టాడన్నమాట.

మరి అసలు లెక్క ఏది? మే నెలను మే నెలతోనే పోల్చాలి. పోయిన మేలో 72 ఆర్డర్లు, ఈ మేలో 80. అంటే పెరిగింది 11 శాతం. పైగా ఈ ఏడాది ఓనరమ్మ కొరియర్ ఛార్జీ ఎత్తేసింది. ఆ పదకొండులో ఫ్రీ కొరియర్ వాటా ఎంత, లేబుల్ వాటా ఎంత అంటే ఎవరూ చెప్పలేరు. ఎనిమిది ఆర్డర్ల తేడా ఒక పెళ్లివారి ఇంటి నుంచి కూడా రావచ్చు.

11 అనే అంకె పోస్టులో అందంగా కనిపించదు. అందుకని గ్రాఫ్ వస్తుంది. దాని అడుగు సున్నా దగ్గర కాకుండా 70 దగ్గర మొదలవుతుంది. అప్పుడు 72కు రెండు గళ్ల ఎత్తు, 80కి పది గళ్ల ఎత్తు. చూసేవాడి కంటికి అమ్మకాలు ఐదింతలు! ఈ కిటుకు గుట్టును డారెల్ హఫ్ అనే అమెరికన్ రచయిత 1954లోనే ఒక చిన్న పుస్తకంలో విప్పేశాడు. డెబ్బై ఏళ్లు దాటినా మనవాళ్లకు అది కొత్త టెంప్లేటే.

ఫొటోల సంగతి ఇంకా ముచ్చట. ‘ముందు’ అన్న బొమ్మను కరెంటు పోయిన వంటింట్లో తీస్తారు. ‘తర్వాత’ అన్న దానికి స్టూడియో లైట్లు, పక్కన ఇత్తడి గిన్నె, వెనకాల అరటాకు. మారింది లేబులా, బల్బా అన్నది తేలదు. ఆపైన ఉచితంగా దొరికే మాకప్ ఒకటి తెచ్చి, వీధి చివర టిఫిన్ సెంటర్ లోగోను న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ తెరల మీద వెలిగిస్తారు. ఆ టిఫిన్ సెంటర్ బోర్డుకు ఇంకా పెయింటరే రాలేదు. కొందరు ఓ పెద్ద విమానాల కంపెనీ లోగోను సరదాకు మళ్లీ గీసి, తమ క్లయింట్ల వరుసలో పెట్టేసుకుంటారు. కంపెనీకి ఆ సంగతే తెలియదు. సాధన కోసం గీయడం మంచిదే, అందరూ అలాగే నేర్చుకుంటారు. కింద ‘సాధన కోసం చేసింది’ అని నాలుగు మాటలు రాయడానికే చెయ్యి రాదు.

ఇక్కడ డిజైనర్‌నే అని లాభం లేదు. పోస్టర్‌కు అడ్వాన్సు ఇవ్వకముందే ‘దీనివల్ల ఎంత పెరుగుతుంది?’ అని అడిగే ఓనర్లు కూడా ఈ 300కు మేనమామలే. అడిగినవాడికి అంకె కావాలి, చెప్పేవాడికి అద్దె కట్టాలి.

తమాషా ఏమిటంటే, అదే పచ్చళ్ల పనిలో చెప్పుకోదగ్గ ఫలితం ఒకటి నిజంగానే ఉంది. మనవాడు దాన్ని పట్టించుకోలేదు. పాత లేబుళ్లన్నీ ఒకే ఎరుపు. గోంగూర, పండుమిర్చి, టమాటా ఏదో తెలియాలంటే చిన్న అక్షరాలు వెతకాలి. సీజన్ హడావిడిలో ప్యాకింగ్ దగ్గర ఒకటి అనుకుని ఇంకోటి పెట్టేసేవారు. పోయిన మేలో 72 పార్సిళ్లలో తొమ్మిది ఇలా తప్పుగా వెళ్లాయి. మళ్లీ పంపిన ప్రతిసారీ కొరియర్ ఖర్చు రెండింతలు, ఫోన్లో తిట్లు అదనం. కొత్త లేబుల్‌లో ఒక్కో రకానికి ఒక్కో రంగు పట్టీ వచ్చింది, పేరు చేతి దూరం నుంచి చదవగలిగేంత పెద్దదైంది. ఈ మేలో 80 పార్సిళ్లలో తప్పు వెళ్లినవి రెండు. ఈ అంకెలు ఓనరమ్మ ఫిర్యాదులు రాసుకునే నోటు పుస్తకంలో ఉన్నాయి.

డిజైన్ చేయి నేరుగా తగిలేది ఇలాంటి చోటే. అమ్మకం వెనకాల రుచి, ధర, సీజన్, నోటిమాట అన్నీ ఉంటాయి. సీసా చేతిలోకి తీసుకున్న మనిషి సరైనది తీశాడా లేదా అన్నదాని వెనకాల ఎక్కువ భాగం లేబులే ఉంటుంది. అలాంటప్పుడు పోస్టు ఇలా రాసుకుంటే ఏం పోయింది:

‘పచ్చళ్ల వ్యాపారానికి ఆరు రకాల లేబుళ్లు చేశాను. సమస్య: రకాలు కలిసిపోయి పార్సిళ్లు తప్పు వెళ్లేవి. రకానికో రంగు పట్టీ ఇచ్చి, పేరు పెద్దది చేశాను. పోయిన మేలో 72లో 9 తప్పు వెళ్లాయి, ఈ మేలో 80లో 2. ఈ ఏడాది ప్యాకింగ్‌కు ఇంకో మనిషి కూడా చేరారు కాబట్టి తేడా మొత్తం నాదే అనను. ఆర్డర్లు పెరిగిన మాట నిజం, కానీ ఈసారి కొరియర్ ఉచితం. ఫొటోలు వేరొకరు తీశారు. వివరాలు ఓనర్ అనుమతితో పెడుతున్నాను. జూలైలో ఒక ప్యాకింగ్ పని తీసుకోగలను.’

ఇందులో 78 శాతం తగ్గింపు అని కూడా రాసుకోవచ్చు, లెక్క సరిపోతుంది. కానీ తొమ్మిది, రెండు అన్నంత చిన్న అంకెలకు శాతం తొడిగితే వాటి అసలు సైజు దాగిపోతుంది. ఒక్క పార్సిల్ అటూ ఇటూ అయితే ఆ శాతం గంతులేస్తుంది. అందుకే అంకెల్ని అంకెలుగానే వదిలేయడం మేలు.

‘ఇంత నిజం చెబితే ఎవడొస్తాడండీ?’ అంటారు. 300 శాతం చూసి వచ్చినవాడు మూడో నెలలో ‘నా 300 ఏదీ?’ అని ఫోన్ చేస్తాడు. అప్పుడు మార్కెట్ డల్‌గా ఉందని చెప్పాలి, మిగతా పేమెంటు మరచిపోవాలి. తొమ్మిది రెండైందని చూసి వచ్చేవాడు వేరే మనిషి. అతని గోడౌన్‌లో కూడా సైజులు కలిసిపోయి చీటికీ మాటికీ రిటర్నులు వస్తుంటాయి. ఏం కొంటున్నాడో తెలిసే వస్తాడు.

పెద్ద కంపెనీల ప్రకటనలకు ఈ నియమం ఎప్పటినుంచో ఉంది. 1985లో ఏర్పడిన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమావళి ప్రకారం, రుజువు చేయదగిన మాట చెబితే రుజువు చూపగలగాలి. పళ్లపొడి అమ్మేవాడికి ఉన్న ఆ పట్టింపు పళ్లపొడి డబ్బా గీసేవాడికి ఎందుకుండకూడదు?

కాబట్టి ఓనరు గార్లకు ఒక మనవి. ఈసారి ఎవరైనా 300 శాతం అంటే దండం పెట్టే ముందు, ఎన్ని నుంచి ఎన్నికి పెరిగిందో, ఏ నెలను ఏ నెలతో పోల్చారో అడగండి. జవాబు చెప్పగలిగితే అడ్వాన్సు ఇవ్వండి. రాకెట్ బొమ్మ పంపితే బ్లాక్ చేయండి.