అన్నపక్షులు వంకాయలైన లెహంగా

మేడమ్ గారికి,

మా షాపు ట్యాబ్‌లో మీరు చూసుకున్న లెహంగా బొమ్మను మీ అమ్మగారు, కాబోయే అత్తగారు, డల్లాస్‌లో ఉన్న ఆడపడుచు అందరూ ఓకే చేశారనీ, అమ్మగారి పెళ్లిచీరతో ‘సేమ్ టు సేమ్ ఇలాగే’ కుట్టివ్వాలనీ మీరు పెట్టిన మెసేజీ అందింది. బొమ్మను మా మాస్టర్‌కి చూపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని మరోసారి చూసి, “ఇది కుట్టిందెవరమ్మా?” అన్నారు. ఎవరూ కుట్టలేదని చెప్పాను. “అదీ సంగతి” అని టీకి వెళ్లిపోయారు. మిగతా సంగతి రాసే పని నా మీద పడింది.

ముందు ఆ ట్యాబ్ చేసే మేలు చెప్పాలి. రాణీ రంగు జాకెట్టా, ఆకుపచ్చా అన్న తగవు మీ ఇంట్లో పావుగంటలో తేలిపోయిందంటే దాని పుణ్యమే. మెడ ఎంత లోతు ఉండాలి, చేతులు మోచేతి దాకానా పైకా, ఓణీ ఒక భుజం మీదా రెండు భుజాల మీదా, పెద్ద అంచు మీ ఎత్తుకు నప్పుతుందా లేదా, ఇలాంటివి అది బాగానే చూపిస్తుంది. బట్ట చింపకుండా మనసు మార్చుకునే సౌకర్యం వెనకటి ఆడపెళ్లివారికి లేదు.

అయితే అది మీ ఎత్తు అడగలేదు, నడుము కొలత అడగలేదు. మీ ఫొటో ఒకటి, మీ అమ్మగారి కంచి పట్టుచీర ఫొటో ఒకటి తీసుకుంది. ఇంతకు ముందు చూసిన వేలాది లెహంగాల పోలికతో మూడో బొమ్మ గీసింది. 2025 సెప్టెంబరులో ఊరు ఊరంతా ఫోన్లలో షిఫాన్ చీరలు కట్టుకుని పాతకాలం హీరోయిన్లయిపోయారు చూడండి, ఆ బాపతే ఇదీ. వాళ్లలో ఒక్కరికీ కుచ్చిళ్లు జారలేదు. చీర ఉంటే కదా జారడానికి.

ఇప్పుడు మీ బొమ్మను వేళ్లతో పెద్దది చేసి అంచు చూడండి. మీ అమ్మగారి చీర అంచులో ఉన్నవి అన్నపక్షులు. బొమ్మలో ఎడమవైపున అవి పక్షుల్లాగే ఉన్నాయి. మధ్యకొచ్చేసరికి ముక్కులు పోయాయి. కుడిపక్కకి చేరేసరికి శుభ్రంగా గుత్తి వంకాయలయ్యాయి. నేతలో ఉన్న పక్షిని అది అతికించదు, తనకు తోచినట్టు మళ్లీ గీస్తుంది. అది పక్షి అని దానికెవరు చెప్పారు?

రంగు సంగతీ అంతే. మీది నెమలికంఠం చీర. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. అటు తిప్పితే నీలం, ఇటు తిప్పితే ఆకుపచ్చ. ఫొటో తీసిన క్షణంలో నీలం కనబడింది కాబట్టి బొమ్మంతా నీలమే అయింది. మీ ఆడపడుచు ఓకే చేసింది ఆ సగం చీరనే. పైగా సంగీత్‌లో ఊదారంగు లైట్లు వేస్తారు, వాటి కింద ఇంకో రంగు పుడుతుంది. దానికి నా పూచీ లేదు.

ఇక అసలు తగాదా ఘేరుతో. బొమ్మలో లెహంగా గుండ్రంగా విచ్చుకుంది, నడుము దగ్గర మాత్రం కాగితమంత పల్చగా ఉంది. మీ నడుము 30 అంగుళాలు, పొడవు 40. అలా నిండు వలయంగా విచ్చుకోవాలంటే కింది చుట్టుకొలత దాదాపు 280 అంగుళాలు రావాలి. మన దగ్గరున్నది ఐదున్నర మీటర్ల చీర. పైట చెంగు మీటరు దాకా పక్కన పెడితే మిగిలేది నాలుగున్నర మీటర్లు, అంటే 177 అంగుళాలు. తక్కువ పడిన వంద అంగుళాలకు పైచిలుకు పట్టును ఆ ట్యాబ్ ఎక్కడి నుంచి తెచ్చిందో కాంచీపురం నేతగాళ్లు కూడా చెప్పలేరు.

ఉన్న బట్టతో రెండు దార్లు. ఒకటి మన పట్టులంగా పద్ధతి: చీరను కోయకుండా చుట్టూ తిప్పి, పైన కుచ్చిళ్లు పెట్టడం. అంచు ఎక్కడా తెగదు, పక్షులన్నీ క్షేమం. కానీ 177 అంగుళాల బట్ట 30 అంగుళాల నడుములోకి దూరాలి. ప్రతి అంగుళంలో ఆరు అంగుళాల పట్టు, దాని మీద లైనింగు, నాడా. బొమ్మలోని నడుము మీకు రాదు. ఎవరికీ రాదు.

రెండోది కలీలు కోయడం. పైన సన్నం, కింద వెడల్పు ముక్కలు పన్నెండు. నడుము దగ్గర దళసరి ఉండదు. ప్లెయిన్ బట్టయితే ఒక కలీ నిటారుగా, పక్కది తలకిందులుగా కోసి బట్ట ఆదా చేస్తాం. మీ చీరకు అంచు ఉంది, తలకిందులు చేస్తే పక్షులు నడుము దగ్గర గూడు కట్టుకుంటాయి. కాబట్టి అన్నీ నిటారుగానే. కలీల మధ్య మిగిలిన ముక్కలు మీ పొట్లీ సంచీకి, పైఅంచు జాకెట్టు చేతులకు. కుట్లకు కలీకి అంగుళం పోతే ఘేరు 165 అంగుళాలు తేలుతుంది.

ఇక్కడే మాస్టర్ టీకి వెళ్లిన కారణం ఉంది. నేసిన అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. లెహంగా కింది భాగం వంపు తిరగాలి. తిన్నని ముక్కలను పక్కపక్కన కుడితే ప్రతి కుట్టు దగ్గరా మూల కిందికి దిగుతుంది. ఆరు కలీలైతే రెండు అంగుళాల దాకా వేలాడుతుంది, పన్నెండైతే అర అంగుళం. మామూలు బట్టయితే ఆ మూలలు కత్తిరించి వంపు తేలుస్తాం. అంచును కత్తిరిస్తే జరీ తెగుతుంది. పైగా ఒక్కో కుట్టులో ఒకటో అరో పక్షి రెండు ముక్కలవుతుంది. బొమ్మలో మాత్రం అంచు చక్రంలా తిరిగింది, ఒక్క అతుకు లేదు. డెమోలో పనిచేసి ప్రొడక్షన్‌లో పడిపోయే సరుకు గురించి మీ మాదాపూర్ వాళ్లకు నేను చెప్పాలా?

నా ఓటు పన్నెండు కలీలకే. అర అంగుళాన్ని కాన్‌కాన్ వేసి కొంత సర్దుతారు మాస్టర్. కాకపోతే బరువు పెరుగుతుంది. అదీ బొమ్మలో లేదు. పీటల మీద కూర్చున్నప్పుడు కాన్‌కాన్ ముందుకు లేచి పళ్లెంలోని అక్షింతలను కప్పేస్తుంది, అదీ లేదు. మీ వీపు అసలే లేదు. వెనక డోరీలకు వేలాడే గుత్తులు మీరు వెనక్కి తిరిగాకే కనబడతాయి.

ఇంకొక్క సంగతి. మీరు వెళ్లాక చీరను కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాను. చాలా ఏళ్లు ఒకే మడతలో బీరువాలో ఉన్నట్టుంది. చెంగు నుంచి మూడో మడత దగ్గర వెలుతురు సన్నని గీతలుగా దిగుతోంది. రెండు బొటనవేళ్లతో మెల్లగా లాగితే పోగులు ‘కిర్’ మన్నాయి. ఆ మడత మీద కుట్టు పడితే మొదటిసారి కూర్చోగానే చిట్లుతుంది. దాన్ని వదిలేసి కోస్తే ఒక కలీ తగ్గొచ్చు, ఘేరు 150కి దిగుతుంది. ట్యాబ్‌కి ఇచ్చిన ఫొటోలో ఆ మడత నిగనిగలాడుతోంది. మీ ఫొటోగ్రఫీ అంత బాగుంది మరి.

వచ్చే శనివారం రండి. పెళ్లిలో వేసుకునే హీల్సే వేసుకుని రండి, పొడవు వాటి మీదే కొలవాలి. ముందు పాత కాటన్ బట్టతో ఒక నమూనా కుట్టి వేసి చూపిస్తాం. అందులో మీరు హీరోయిన్‌లా కనబడరు, దిండు గలీబులా కనబడతారు. కానీ కొలతలు నిజం. ఫొటో తీసి గ్రూపులో పెట్టకండి, డల్లాస్‌లో కంగారు పడతారు.

అమ్మగారిని తప్పకుండా తీసుకురండి. ట్యాబ్‌లో వెనక్కి తీసుకునే బటన్ ఉంది, మా కత్తెరకు లేదు. ఆవిడ పెళ్లిచీర కోయడానికి ఆవిడ ఎదురుగా ఉండి ‘ఊఁ’ అనాలి. వాట్సాప్‌లో బొటనవేలు పంపితే మాస్టర్ ఒప్పుకోరు. ఎవరి వేలైనా కావచ్చంటారు.

ఇట్లు,
మీ బొటిక్ ఆంటీ