అమ్మ ఆరు నెలలు ఉండటానికి వస్తుంటే, ఈ సలహాలు వినకండి

డెలివరీకి అమ్మ వస్తోందంటే అమెరికాలో మనవాళ్లందరూ సలహాలిస్తారు. పచ్చళ్లు ఎలా ప్యాక్ చేయాలో, మందులకు ఏ కాగితం పెట్టుకోవాలో చెప్పేవి చాలావరకు పనికొచ్చేవే. అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసు సంగతికి వచ్చేసరికి మాత్రం అంతే ధీమాగా తప్పు సలహాలిస్తారు. వాటిలో నాలుగింటి గురించి చెప్పాలనుంది, ఎందుకంటే వాటివల్ల చివరికి ఇబ్బంది పడేది తలుపు తీసి ఎవరికో జవాబు చెప్పాల్సి వచ్చే ఆ పెద్దావిడే.

ఒక ఇల్లు అనుకుందాం. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్. భార్యాభర్తలు, మూడేళ్ల పాప. అక్టోబరులో రెండో కాన్పు. అమ్మ సెప్టెంబరు 3న దిగి ఫిబ్రవరి ఆఖరున తిరిగి వెళ్లాలని అనుకుంటున్నారు.

మొదటి సలహా: "ఆఫీసుకి చెప్పకు. ఎవరు చూడొస్తారు?" చూడటానికి ఎవరూ పనిగట్టుకుని రానక్కర్లేదు. ఏసీ ఫిల్టర్ మార్చడానికి మెయింటెనెన్స్ వాళ్లు వస్తారు, పురుగుల మందు కొట్టేవాళ్లు వస్తారు. పగలు ఇంట్లో ఉండేది అమ్మే. ఎన్నాళ్లయింది వచ్చి అని మాటవరసకు అడిగితే ఆవిడ నిజమే చెబుతుంది, చెప్పాలి కూడా. ఆ తర్వాత వచ్చేది లీజు ఉల్లంఘన నోటీసు. అది మీ ఫైల్లో ఉండిపోతుంది. లీజు పొడిగించేటప్పుడూ, రేపు ఇంకో చోటికి మారుతుంటే అక్కడివాళ్లు పాత ఇంటి గురించి వాకబు చేసినప్పుడూ అడ్డం వస్తుంది. పచ్చి బాలింత ఇంట్లో ఉండగా ఆ నోటీసు రావడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

రెండోది ఇంకా తెలివైనదిగా కనిపిస్తుంది: "వారం కాగానే ఫ్రిస్కోలో అక్క ఇంట్లో రెండు రోజులు ఉంచి తీసుకొచ్చేయ్. లెక్క మళ్లీ మొదటి నుంచి." మీ లీజు తీసి అతిథుల నిబంధన చదవండి. టెక్సాస్ లీజుల్లో తరచు రెండు హద్దులు కలిసే ఉంటాయి. లీజులో పేరు లేని మనిషి ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా వరసగా ఇన్ని రోజులకు మించి ఉండకూడదనేది ఒకటి. ఒక నెలలో మొత్తం మీద అంతకు రెట్టింపు రోజులు దాటకూడదనేది రెండోది. వరస రోజుల సంఖ్య ఖాళీగా ఉంచి చేత్తో నింపుతారు కాబట్టి పక్కింటివాళ్ల లీజులో ఉన్న అంకె మీ లీజులో ఉండకపోవచ్చు.

మన ఇర్వింగ్ ఇంటి లీజులో 7 అని నింపారనుకోండి. అమ్మ 3 నుంచి 9 దాకా ఉంటుంది. 10, 11 తేదీల్లో అక్క ఇల్లు. మళ్లీ 12 నుంచి 18 దాకా ఇక్కడ. అంతటితో నెలకున్న 14 రోజులూ అయిపోయాయి. 19 నుంచి 30 దాకా అమ్మకి ఈ ఇంట్లో చోటు లేనట్టే. అక్క ఇంటికి వెళితే, అదీ అద్దె ఇల్లే అయితే, అక్కడి లీజులోనూ ఇలాంటి నిబంధనే ఉండొచ్చు. కాన్పు కోసం వచ్చిన మనిషిని ఇలా అటూ ఇటూ తిప్పడం నాకు అసలు మనసొప్పదు.

మూడోది: "ఆఫీసులో అమ్మాయి సరేనంది, చాలు." ఆ అమ్మాయి మంచిదే కావచ్చు. రెండు నెలల్లో ఆమె ఉద్యోగం మారొచ్చు, మేనేజ్‌మెంట్ కంపెనీయే మారిపోవచ్చు. లీజులో మార్పులు రాతలో ఉంటేనే చెల్లుతాయని మీరు సంతకం పెట్టిన కాగితమే చెబుతుంది. మాటగా సరేనన్న రోజే పోర్టల్లో "ఇవాళ మీరు ఒప్పుకున్నది ఇది, దయచేసి నిర్ధారించండి" అని పంపి, జవాబు వచ్చాక దాన్ని మీ దగ్గర దాచుకోండి. పోర్టల్ వాళ్లది, రేపు మీకు తెరుచుకోకపోవచ్చు.

నాలుగోది, చట్టం మనవైపే ఉందన్న భరోసా. టెక్సాస్‌లో బెడ్‌రూముకి ముగ్గురు పెద్దవాళ్లు ఉండొచ్చు కాబట్టి అడగక్కర్లేదంటారు. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 92.010 సెక్షన్‌లో ఆ అంకె ఉన్నమాట నిజమే. కానీ అది యజమాని మామూలుగా అంతకు మించి పెద్దవాళ్లను ఉండనివ్వకూడదని పెట్టిన పైహద్దు. అంతమందిని తెచ్చుకునే హక్కు అద్దెకున్నవాళ్లకు అది ఇవ్వదు. ఫెయిర్ హౌసింగ్ చట్టం 1988 సవరణతో పద్దెనిమిదేళ్లలోపు పిల్లలున్న కుటుంబాలకు, గర్భిణులకు వివక్ష నుంచి రక్షణ ఇచ్చింది. ఆ రక్షణ మీకుంది. చూడటానికి వచ్చిన తల్లి నెలల తరబడి ఉండటానికి అది అనుమతిపత్రం కాదు. న్యూయార్క్‌లో సంగతి వేరు. అక్కడి రియల్ ప్రాపర్టీ లా 235-ఎఫ్ ప్రకారం అద్దెదారు దగ్గరి కుటుంబసభ్యులు అతనితో ఉండొచ్చు. న్యూయార్క్‌లో ఉన్న బావగారి మాట పట్టుకుని టెక్సాస్‌లో వాదనకు దిగొద్దు.

మరేం చేయాలి? టికెట్లు కొనక ముందే, కనీసం ఆరు వారాల ముందు, పోర్టల్ ద్వారా ఒక చిన్న ఉత్తరం పంపండి. మా అమ్మగారు ఫలానా, సెప్టెంబరు 3 నుంచి ఫిబ్రవరి చివరి వరకు మాతో ఉండాలని అనుకుంటున్నాం, లీజులో అతిథుల నిబంధన కింద మీ రాతపూర్వక అనుమతి కోరుతున్నాం అని మొదలుపెట్టండి. ఆవిడ దగ్గర అద్దె తీసుకోమని, ఆవిడ జీతానికి పనిచేయరని, ఇండియాలో సొంత ఇల్లుందని, కారు తీసుకురారని చెప్పండి. జబ్బులు, కాన్పు కబుర్లు రాయక్కర్లేదు. బతిమాలడమూ అక్కర్లేదు.

వెళ్లే తేదీని మాత్రం ఖాయంగా రాయకండి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు ఎప్పటిదాకా ఉండొచ్చో ఎయిర్‌పోర్టులో అధికారి నిర్ణయిస్తారు, అది ఐ-94లో నమోదవుతుంది. సాధారణంగా ఆరు నెలలే ఇస్తారు, కానీ ముందుగా ఖాయమని అనుకోకూడదు. అందుకే "ఐ-94లో ఉన్న తేదీ దాటకుండా, ఆవిడ రాగానే ఆ తేదీ మీకు తెలియజేస్తాం" అని రాయండి.

తర్వాత ప్రశ్నలు అడగండి. అమ్మని గెస్ట్‌గానే ఉంచుతారా, ఆక్యుపెంట్‌గా పేరు చేర్చాలా? ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆక్యుపెంట్ అంటే ఆ ఇంట్లో ఉండేందుకు పేరు నమోదైన మనిషి, అద్దె బాధ్యత మీదే. "లీజులో కలిపేస్తాం, ఆవిడతోనూ సంతకం పెట్టించండి" అంటే ఒప్పుకోకండి. అద్దెదారుగా సంతకం పెడితే అద్దెకీ నష్టాలకీ ఆవిడా పూచీ పడినట్టే. ఇండియా వెళ్లిపోయాక కూడా పేరు తీయించడానికి మళ్లీ కాగితాలు నడపాలి. బ్యాక్‌గ్రౌండ్ చెక్ అడిగితే ఆవిడకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదని, పాస్‌పోర్టు కాపీ సరిపోతుందా అని ముందే అడగండి. అద్దె, నీటి బిల్లు పెరుగుతాయా, గేటు ఫాబ్ ఇంకొకటి ఇస్తారా, పూల్ వాడుకోవచ్చా అన్నవీ అందులోనే అడగొచ్చు. రెంటర్స్ ఇన్సూరెన్స్ కంపెనీని కూడా ఒక మాట అడగండి: అమ్మ స్టవ్ మీద ఏదో మరిచిపోయి నష్టం జరిగితే పాలసీ వర్తిస్తుందా అని.

ఆఫీసు ఒప్పుకోకపోతే కారణం, ఎన్ని రోజులకైతే ఒప్పుకుంటారో రాతలో అడగండి. గెస్ట్‌గా కుదరదన్నవాళ్లు ఆక్యుపెంట్ అడెండమ్‌కి ఒప్పుకోవచ్చు, కాబట్టి ఒకసారి కాదన్నంత మాత్రాన ఆగిపోవద్దు.

అడెండమ్ చేతికొచ్చాక మూడు చోట్ల చూడండి: అమ్మ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, ముగింపు తేదీ ఏది, లీజు మధ్యలో జనవరిలో ముగుస్తుంటే కొత్త లీజుకీ ఈ అనుమతి కొనసాగుతుందా. ఐ-539తో బస పొడిగించుకోవాలనుకుంటే ఇమిగ్రేషన్‌కి దరఖాస్తు చేసినంత మాత్రాన ఇంటి అనుమతి గడువు దానంతటది పెరగదు. పాత ముగింపు తేదీకి నెల ముందే ఆఫీసుకి రెండో ఉత్తరం వెళ్లాలి.