సంచి మీది అంకె

గోదాములో లెక్క తేడా వస్తే దొంగను వెతకాలని నాకెవరూ చెప్పలేదు. నా అంతట నేనే అనుకున్నాను. కరీంనగర్ శివారులో ఒక ఎరువుల గోదాములో సప్లై చైన్ ఇంటర్న్‌గా చేరాను. నాకిచ్చిన పని చిన్నదే. నెట్లు కట్టిన సంచులు లెక్కపెట్టాలి, కంప్యూటర్లో ఉన్న స్టాకుతో సరిచూడాలి, తేడా ఉంటే రాయాలి.

ఒక్కో సంచీ ముట్టుకుంటూ లెక్కించే ఓపిక ఎవరికుంటుంది? నెట్టు వెడల్పులో ఎన్ని సంచులు, లోతులో ఎన్ని, ఎత్తులో ఎన్ని అని చూసి గుణిస్తే సరి. మొదటి యూరియా నెట్టు అయిదు, ఎనిమిది, పదిహేను. అంటే 600 సంచులు. రెండోది 400, మూడోది 1000. స్టాకు పుస్తకమేమో టన్నుల్లో ఉంటుంది. సంచి అంటే యాభై కిలోలని చిన్నప్పటి నుంచీ వింటున్నవాణ్ని కదా, 30, 20, 50 టన్నులు అని రాసేశాను. కంప్యూటర్ మాత్రం 27, 18, 45 అంటోంది. మొత్తం మీద సరిగ్గా పది టన్నులు ఎక్కువ!

పది టన్నులంటే ఒక లారీ. నా బుర్ర అక్కడే ఆగిపోయింది. బిల్లు కొట్టి సరుకు ఎక్కించకపోతేనే గోదాములో ఇలా మిగులుతుందని తేల్చుకుని, బయటికి పోయిన బిల్లులన్నీ తిరగేశాను. దొరికింది. ఆదిలాబాద్‌కు పంపిన యూరియా, 222 సంచులు, 9.99 టన్నులు. పత్తికి ఎరువు వేసే రోజులు, అటువైపు లారీలు వరసగా పోతున్నాయి. 9.99 ఏమిటి, శుభ్రంగా 10 అని రాయొచ్చుగా అని ఆ బిల్లు కొట్టిన గుమాస్తా మీద విసుక్కున్నాను కూడా. ఆ ఒక్క అంకెను 222తో భాగించి ఉంటే అప్పుడే నోరు మూసుకునేవాణ్ని. భాగించలేదు. 'ఈ లారీ లోడు కాకుండానే బిల్లయినట్టుంది' అని నోట్ రాసి ఇన్‌ఛార్జి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివి, ఏమీ అనకుండా నన్ను నెట్టు దగ్గరికి తీసుకుపోయాడు. "సంచి మీద ఏం రాసుందో చదువు బిడ్డా" అన్నాడు. 45 కిలోలు. 2018 మార్చి నుంచి దేశమంతా యూరియా సంచి నలభై అయిదు కిలోలే. రైతు కిలోల్లో కాక సంచుల్లో లెక్కేసి చల్లుతాడు, సంచి చిన్నదైతే వాడకం కాస్త తగ్గుతుందని ప్రభుత్వం ఆలోచన. పక్కనున్న రామగుండంలో 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం స్థానంలో కొత్తది 2021లో యూరియా తయారీ మొదలుపెట్టింది. అంటే ఆ కొత్త కర్మాగారంలో ఈ కొత్త సంచి తప్ప పాత సంచి ఎప్పుడూ నింపనేలేదు.

"డీఏపీ లెక్క సరిపోయిందా?" అని అడిగాడు. సరిపోయింది. అది యాభై కిలోల సంచే. "మరి దొంగ యూరియా నెట్లనే ముట్టుకుండా? అదీ మూడింట్ల ఒక్క తీరుగ?" నిజమే. 27కి మూడు, 18కి రెండు, 45కి అయిదు. ప్రతి నెట్టులోనూ తొమ్మిదో వంతే ఎక్కువ. చెయ్యి పెట్టినవాడు అంత నిష్పత్తిగా పెట్టడు. తేడా అన్నిచోట్లా ఒకే వంతున వస్తే కొలత తప్పు. ఒక్క నెట్టులోనే వస్తే అప్పుడు ఆ నెట్టు సంగతి చూడాలి.

నలభై అయిదుతో గుణిస్తే మూడూ కంప్యూటర్‌తో కలిశాయి. హమ్మయ్య అనుకున్నాను. ఆయన అనుకోలేదు. "పైకెక్కి చూసినవా?" అన్నాడు. చూడలేదు. కింద నిలబడి గుణించినవాడికి నెట్టు ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. నిచ్చెన వేసుకుని ఎక్కితే మొదటి నెట్టు నడుమ గుంట. ఎనిమిది సంచులు లేవు. లెక్క కలిసిందని నేను సంబరపడుతున్నది ఉన్న సరుకుతో కాదు, లేని సంచులతో.

ఈసారి దొంగ అనే మాట నా నోట రాలేదు. హమాలీల పెద్దను అడిగితే మూలకు చూపించాడు. కొక్కేలు తగిలి చిరిగిన సంచులు, గోడవారగా. మళ్లీ కుట్టించాలని దింపి పెట్టారు, ఏ రిజిస్టర్లోనూ ఎక్కించలేదు. పుస్తకం ప్రకారం అవి 360 కిలోలు, అమ్మకానికి సిద్ధం. కాంటా వేస్తే 322. తక్కిన 38 కిలోల్లో కొంత నేల మీద ఊడ్చుకుపోయింది, కొంత చెమ్మకు కరిగిపోయింది.

పది టన్నుల కుంభకోణం రాసిన కాగితం వెనకవైపే, 'చిరుగు తరుగు, 38 కిలోలు' అని రాసి సంతకానికి పెట్టాను. ఆయన ముందువైపు కూడా మరోసారి చదివి, నవ్వాపుకుంటూ సంతకం చేశాడు.