నల్లకోటుకు బత్తా లేదు

మన జిల్లా కోర్టు ఆవరణలో పైసా ముట్టకుండా కదిలేది ఒక్క జూనియర్ వకీలే. సమన్లు కదలాలంటే బత్తా కట్టాలి. కట్టకపోతే దావానే కొట్టేయొచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతోంది. వకాలత్ మీద వెల్ఫేర్ స్టాంపు లేకపోతే ఆఫీసు వాళ్లు కాగితాలు తిప్పి పంపేస్తారు. గుమాస్తా గారికి కక్షిదారు ఇంత ఇచ్చుకోవాలన్న ఆనవాయితీ ఎటూ ఉంది. జూనియర్‌కు మాత్రం ఏమీ అక్కర్లేదు. పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేసి 'ఏమయ్యా, ఎక్కడున్నావ్' అంటే చాలు, సొంత బండిలో సొంత పెట్రోలు పోసుకుని వచ్చేస్తాడు. ఈ సదుపాయానికి పెద్దలు పెట్టిన పేరు 'పని నేర్చుకోవడం'.

ఆ నేర్చుకోవడం ఎలా ఉంటుందో ఒక దావాలో చూద్దాం. అన్నదమ్ముల పంపకాల తగాదా, మనం ప్రతివాది తరఫున. రిటన్ స్టేట్‌మెంట్ వేయడానికి చట్టం ఇచ్చిన గడువు ముప్పై రోజులు, కోర్టు దయ తలిస్తే తొంభై. సీనియర్ గారి బీరువాలో ఆ కట్ట ఎనభై ఆరు రోజులు తపస్సు చేసింది. ఎనభై ఏడో రోజు సాయంత్రం జూనియర్ ఒళ్లోకి వచ్చింది. అందులో ఉన్నవి పాత అడంగల్ కాపీలు, ఈసీ, ఎవరో పెద్దమనిషి చేత్తో రాసిన పారీఖత్తు. దానికి రిజిస్ట్రేషన్ లేదు. చూసిన వాళ్లంతా 'ఇది చెల్లని కాగితం' అని పక్కన పడేశారు.

జూనియర్ దాన్ని రాత్రి కూర్చుని చదివాడు. ఈ రోజు మేం పంచుకుంటున్నాం అని కాగితంలో ఉంటే అదే పంపకం పత్రం, రిజిస్ట్రేషన్ లేనిదే పంపకానికి రుజువుగా చూపలేం. ఫలానా సంవత్సరంలో నోటిమాటగా పంచుకున్నాం, జ్ఞాపకానికి ఈ జాబితా రాసుకున్నాం అని ఉంటే అది జరిగిపోయిన పనికి గుర్తు మాత్రమే, దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దావా మొత్తం ఒక క్రియాపదం భూతకాలంలో ఉందా, వర్తమానంలో ఉందా అన్నదాని మీద వేలాడుతోంది. పదకొండో పంక్తిలో 'పంచుకొని అనుభవించుచున్నందున' అని ఉంది. కుర్రాడు ఎగిరి గంతేశాడు. తెల్లారేసరికి వంశవృక్షంతో సహా పద్నాలుగు పేజీల డ్రాఫ్ట్ సిద్ధం చేశాడు.

తర్వాత వాదనల రోజున సీనియర్ గారు లేచి, అదే పదకొండో పంక్తిని గంభీరంగా చదివి, కళ్లజోడు తీసి, జడ్జి గారి వైపు చూశారు. తీర్పు కాపీలో న్యాయవాది పేరు ఆయనదే. కక్షిదారు శాలువా తెచ్చింది ఆయనకే. జూనియర్‌ను కూడా మర్చిపోలేదు లెండి, 'బాబూ, కాస్త ఆటో పిలువు' అన్నాడు.

ఇదంతా పని బాగా జరిగిన రోజు సంగతి. మామూలు రోజున జూనియర్ చేసే వాదన ఒకటే: 'సీనియర్ గారు హైకోర్టులో ఉన్నారండీ, పాసోవర్ కోరుతున్నాం.' రెండోసారి పిలిచినా సీనియర్ గారు రారు. సాక్షి బోనులో నిలబడి ఉన్నాడు, అవతలి వకీలు లేచి గోల చేస్తున్నాడు. జడ్జి గారు ఐదు వందలు ఖర్చుల కింద కట్టమని వాయిదా ఇస్తారు. కట్టకపోతే క్రాస్ చేసే హక్కు పోతుంది. కక్షిదారు ఊళ్లో ఉన్నాడు, సీనియర్ ఫోన్ ఎత్తరు. ఆ ఐదు వందలు ఎవరి జేబులోంచి వస్తాయో వేరే చెప్పాలా? సాయంత్రం ఆ మాట ఎత్తితే, 'రాసిపెట్టుకో, ఇస్తాలే' అంటారు. కుర్రాడు రాసిపెట్టుకుంటాడు. ఏ కోర్టూ ఎగ్జిబిట్‌గా మార్క్ చేయని దస్తావేజు ఆ ఆఫీసులో అదొక్కటే.

మరి ఫిర్యాదు చేయొచ్చుగా అంటారు బయటివాళ్లు. ఎవరి మీద, ఏమని? ప్రాక్టీసులో ఉన్న న్యాయవాది పూర్తికాలపు జీతగాడిగా ఉండకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. వృత్తి స్వాతంత్ర్యం కాపాడటానికి పెట్టిన నియమమది. కుర్రాడి స్వాతంత్ర్యం ఎంత పదిలంగా ఉందంటే, జీతగాడు కాడు కాబట్టి జీతం అడగడానికి లేదు, కార్మికుడు కాడు కాబట్టి కనీస వేతనం ఊసే లేదు. అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేదు, హాజరుపట్టీ లేదు. డ్రాఫ్టుల కింద సంతకం సీనియర్‌ది. తాను అక్కడ మూడేళ్లు పనిచేశాననడానికి కుర్రాడి దగ్గరున్న రుజువల్లా రాత్రి పదకొండింటికి వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లే.

2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ ఇచ్చింది. జూనియర్లకు పట్టణాల్లో నెలకు ఇరవై వేలు, గ్రామీణ ప్రాంతాల్లో పదిహేను వేలు ఇవ్వాలని సిఫార్సు చేసింది. సిఫార్సే గాని ఆదేశం కాదు. ఇవ్వకపోతే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చంది. ఆ వెంటనే, సీనియర్‌కు నిజంగా ఆర్థిక ఇబ్బంది ఉంటే పట్టువిడుపులతో చూస్తామంది. నల్లకోటు వేసుకున్నాక తనకు ఆర్థిక ఇబ్బంది లేదని ఒప్పుకున్న సీనియర్‌ను నేనింతవరకు చూడలేదు. పైగా ఆ బార్ కౌన్సిల్ సభ్యులను ఎన్నుకునేది న్యాయవాదులే, ఎన్నికల్లో ఊరూరా తిరిగి ఓట్లు వేయించేది సీనియర్లే.

2025 మే నెలలో ఈ ముడి ఇంకాస్త బిగిసింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు మళ్లీ తప్పనిసరి చేసింది. ఆ ప్రాక్టీసుకు ధ్రువపత్రం ఆ కోర్టు ప్రధాన న్యాయాధికారైనా ఇవ్వాలి, లేదా పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ఇస్తే ఆ న్యాయాధికారి ధ్రువీకరించాలి. కాగితం మీద ఎవరైనా పదేళ్ల వకీలు సరిపోతాడు. యాభై మంది వకీళ్లున్న ఊళ్లో ఒకరి మీద ఫిర్యాదు చేసినవాడికి రెండో ఆయన ఏమని రాసిస్తాడో మనకు తెలియదా! కుర్రాడు పిరికివాడని అనకండి. పారీఖత్తులో పదకొండో పంక్తి చదివినట్టే వీటినీ చదివాడు.

అందరూ ఇలాగే ఉన్నారంటే అబద్ధమవుతుంది. తనకే ఫీజు వాయిదాల్లో వచ్చే మఫసిల్ సీనియర్లున్నారు. ఇచ్చేది మూడు వేలైనా, డ్రాఫ్ట్‌ను ఎర్ర సిరాతో దిద్ది వెనక్కిస్తారు, తామే పక్కన కూర్చుని చిన్నాచితకా సాక్షులను క్రాస్ చేయమంటారు. అలాంటి చోట కుర్రాడికి డబ్బు తక్కువైనా చదువు దక్కుతోంది. రెండేళ్లు దాటాక కూడా పాసోవర్ తప్ప మరో మాట నోట రానివ్వకపోతే మాత్రం అది శిక్షణ కాదు, కొరియర్ ఉద్యోగం. కొరియర్ కుర్రాడికైనా నెల తిరిగేసరికి ఎంతోకొంత చేతికొస్తుంది.

కనుక ఫిర్యాదు జోలికి పోకుండా ఒక చిన్న కోరిక అడిగి చూడమని నాకు తెలిసిన ఒక జూనియర్‌కు చెప్పాను. స్టైపెండ్ తర్వాత, ముందు వకాలత్‌లో నీ పేరు కూడా చేర్చమను, దానికి రూపాయి ఖర్చు లేదు, రికార్డులో మిగిలిపోతుంది అన్నాను. అడిగాడు. సీనియర్ గారు ఆప్యాయంగానే నవ్వారట. 'పేరుకేం తొందరయ్యా, ముందు పని నేర్చుకో' అని ఒక కొత్త కట్ట చేతిలో పెట్టారట. రైస్ మిల్లులో పనిచేసిన మనిషికి ఎగ్గొట్టిన జీతం రాబట్టే కేసది. యజమానికి నోటీసు బాగా ఘాటుగా ఉండాలి, తెల్లారేసరికి కావాలి అన్నారట.