నెలాఖరు అంకె ఒక్కటే చూశాను

ఇస్నాపూర్‌లో మా నాన్న కొన్న స్థలంలో నేను కట్టించిన 12 గదుల బిల్డింగును మస్కట్‌లో ఉండి కొన్నేళ్లపాటు ఒకే ఒక్క అంకెతో చూసుకున్నాను. నెలనెలా నా ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో 30 వేలకు కాస్త తక్కువగా డబ్బు పడేది. డబ్బు పడుతోంది కాబట్టి బిల్డింగు బాగానే నడుస్తోందని నమ్మాను. నిర్వహణ అప్పగించిన సంస్థ ప్రతి నెలా ఒక పేజీ కాగితం పంపేది. వసూలు ఇంత, ఖర్చు ఇంత, మీకు పంపింది ఇంత. అందులో అద్దెకున్న ఒక్క మనిషి పేరు కూడా ఉండేది కాదు. ఆ లోటు నా కంటికి ఆనలేదు.

2025 జూన్ 30న ఇస్నాపూర్‌కు దగ్గర్లోని పాశమైలారంలో, సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్లలో చాలామంది బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా లాంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. నా గదుల్లో ఉండేదీ అలా వచ్చినవాళ్లే. మన దగ్గర ఉన్నవాళ్లంతా క్షేమమేనా అని సంస్థకు ఫోన్ చేశాను. ‘‘కనుక్కుని చెప్తాం సార్’’ అన్నారు. పేర్లు పంపమని అడిగితే పంపడానికి వాళ్ల దగ్గర జాబితా లేదు. నా ఇంట్లో పడుకుని లేచి డ్యూటీకి పోతున్నవాళ్లు ఎవరో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. ఆరోజు పడ్డ సిగ్గు ఇప్పటికీ తగ్గలేదు.

తర్వాత ఆ పాత కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. గదికి 4,000 చొప్పున 12 గదులకు 48,000 రావాలి. ఎప్పుడూ రెండు గదులు ఖాళీ అని రాసి, 40,000 వసూలు చూపించారు. రిపేర్ల కింద 5,500 తీసేశారు. ఏ గదిలో ఏం బాగుచేశారో లేదు, బిల్లు లేదు. నిర్వహణ రుసుము 8 శాతం. అయితే అది వసూలైన 40,000 మీద కాదు, అన్ని గదులూ నిండితే రావాల్సిన 48,000 మీద. అంటే 3,840, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 4,531. అన్నీ పోగా నాకు వచ్చేది 29,969.

వసూలైనదాని మీద లెక్కగడితే జీఎస్టీతో 3,776 అయ్యేది. తేడా నెలకు 755 రూపాయలే కావచ్చు. కానీ నష్టం ఆ 755లో లేదు. గది నిండినా ఖాళీగా ఉన్నా రుసుము మారకపోతే, ఆ గదిని నింపాలన్న తొందర నాకే తప్ప వాళ్లకు ఉండదు. పైగా కొత్తగా మనిషిని పెట్టిన ప్రతిసారీ సగం నెల అద్దె వాళ్లకే వెళ్తుందని ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. కంపెనీల్లో కాంట్రాక్టు ముగిస్తే మనుషులు గదులు మారే చోట, ఈ రెండు షరతులు కలిస్తే మంచి కిరాయిదారుణ్ణి నిలబెట్టుకోవడం వల్ల సంస్థకు వచ్చే లాభమేమీ లేదు. ఇంత మామూలు సంగతి సంతకం పెట్టేటప్పుడు నాకు తట్టలేదు. రుసుము ఎంత శాతమని బేరమాడాను గాని, దేని మీద శాతమని అడగలేదు.

ఖాళీ గదుల సంగతి కరెంటు బిల్లులు చెప్పాయి. ప్రతి గదికీ విడి మీటరు పెట్టించాను కాబట్టి 12 సర్వీసు నంబర్లూ నా దగ్గరున్నాయి. టీజీఎస్పీడీసీఎల్ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే బిల్లు ఎక్కడినుంచైనా కనిపిస్తుంది. తాళం వేసిన గదికి కనీస చార్జీ వస్తుంది తప్ప యూనిట్లు పెరగవు. సంస్థ ఖాళీ అని రాసిన ఏడో నంబరు, పదకొండో నంబరు గదుల్లో నెలకు 60 నుంచి 90 యూనిట్లు కాలాయి. 75 వాట్ల ఫ్యాను రాత్రీ పగలూ ఆగకుండా తిరిగితే నెలకు 54 యూనిట్లు. పగటి షిఫ్టువాళ్లు వెళ్లగానే రాత్రి షిఫ్టువాళ్లు వచ్చి పడుకునే గదిలో ఫ్యాను ఆగదు. ఎదురుగా కిరాణా కొట్టు నడిపే తమ్ముణ్ణి అడిగితే, ‘‘ఏడో నంబర్ల ఎప్పుడూ మనుషులుంటరు గదన్నా, ఖాళీ ఎక్కడిది?’’ అన్నాడు. ఆ అద్దె అక్కడి సూపర్‌వైజర్ తీసుకున్నాడో, ఆఫీసుకు తెలిసే జరిగిందో నేను తేల్చలేకపోయాను. తేల్చడానికి కావాల్సిన రసీదులు ఏనాడూ అడగలేదు మరి.

ఇప్పుడు వేరే సంస్థతో రాసుకున్న ఒప్పందంలో నెల నివేదిక ఎలా ఉండాలో ఒక పూర్తి పేజీ ఉంది. గదికి ఒక వరుస. అందులో ఎవరు ఉంటున్నారు, ఎంతమంది, ఏ రోజు చేరారు, అడ్వాన్సు ఎంత, పాత బాకీ ఎంత, ఈ నెల రావాల్సింది, వచ్చింది, మిగిలింది. ఖాళీ అయితే ఏ తేదీ నుంచి ఖాళీ, ఆ రోజు మీటరు రీడింగు ఫొటో. పాత బాకీకి ఈ నెల అద్దె కలిపి, వచ్చింది తీసేస్తే మిగిలిన బాకీ రావాలి. అదే అంకె వచ్చే నెల మొదట్లో కనిపించాలి. అది కుదరని నెల మిగతా కాగితం చదవను, ముందు ఫోన్ చేస్తాను. 2,000 దాటిన రిపేరుకు నా అనుమతి కావాలి, పైపు పగలడం లాంటివి తప్ప. ప్రతి ఖర్చుకూ బిల్లు జతచేయాలి. రుసుము వసూలైనదాని మీదే. వాళ్లు పెట్టిన మనిషి ఆరు నెలల్లోపే వెళ్లిపోతే, తర్వాతి మనిషిని తెచ్చినందుకు విడిగా డబ్బు ఉండదు. అద్దె, అడ్వాన్సు నేరుగా నా ఖాతాకే వస్తాయి. పాత సంస్థ అడ్వాన్సులు తన ఖాతాలోనే ఉంచుకుంది. గది ఖాళీ చేసి వెళ్లినవాళ్లలో ఎందరికి అవి తిరిగి ముట్టాయో నాకు తెలియదు.

పై అంతస్తులోని ఆరు గదుల్ని ఒక కాంట్రాక్టు కంపెనీ కార్మికుల కోసం తీసుకున్నప్పుడు జరిగిన ఇంకో తప్పు తర్వాత బయటపడింది. పాత సంస్థ రాసిన అద్దె పత్రంలో నా చిరునామా ఇస్నాపూర్‌దే. యజమాని విదేశంలో ఉండి ప్రవాసి లెక్కలోకి వస్తే, అద్దె చిన్నదైనా సరే, కిరాయిదారు మామూలుగా 31.2 శాతం పన్ను కోసి కట్టాలి. నెలకు 24,000 అద్దెలో అది 7,488 రూపాయలు. ఎక్కువ కోతపడితే నేను రిటర్ను వేసి వెనక్కి తీసుకోవచ్చు. నేను ఇక్కడే ఉన్నట్టు రాయడంతో కంపెనీ ఏమీ కోయలేదు, నోటీసు వచ్చే ప్రమాదం మాత్రం వాళ్ల మీద పడింది. ఆ పత్రం నకలు నా మెయిల్‌లోనే ఉంది. తెరిచి చూడలేదు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా భయపెట్టింది పవర్ ఆఫ్ అటార్నీ. అద్దె పత్రాల మీద సంతకం చేయడానికి, కరెంటు ఆఫీసు, ఇంటి పన్ను పనులకు పరిమిత అధికారం ఇస్తే చాలు. నేను ఎంబసీలో సంతకం చేసిన ముసాయిదాలో అమ్మకం, తాకట్టు అధికారాలు కూడా ఉన్నాయి. పటాన్‌చెరు చుట్టుపక్కల స్థలాల ధరలు తెలిసినవాణ్ణే, అయినా చదవకుండా సంతకం పెట్టాను. దాన్ని రద్దు చేస్తూ పత్రం రాయించి, సంస్థకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించి, రిజిస్ట్రార్ ఆఫీసుకు కూడా తెలియజేశాను. కొత్త పత్రంలో పనులు ఒక్కొక్కటిగా రాయించాను, గడువు ఏడాదే పెట్టాను. ఒప్పందం ముగిస్తే 30 రోజుల్లో తాళాలు, మీటరు రీడింగులు, అద్దె పత్రాలు, ఉంటున్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న రిజిస్టరు నాకు అప్పగించాలని చివరి షరతు. ఆ రిజిస్టరు నకలు ఇప్పుడు నెలనెలా నివేదికతోపాటు వస్తోంది, ముందు అదే చదువుతున్నాను.