పెన్షన్ తగాదాలో మొగుడు గెలిచే మార్గాలు

పెన్షన్ ముందే తీసుకుందామా, వయసు నిండేదాకా ఆగుదామా అని ఇంట్లో మాట మొదలైతే మొట్టమొదట చేయాల్సింది, ఆ మాట లెక్కల దాకా పోకుండా చూసుకోవడం. లెక్క వచ్చిందంటే తగాదా అరగంటలో తేలిపోతుంది. తేలిపోయాక రాత్రి భోజనాల దాకా ఏం మాట్లాడుకుంటారు?

బెంగళూరు లగ్గెరెలో కాపురముండే ఒక జంటను అనుకుందాం. హిందూపురం వైపు వాళ్లు. ఆయనకు 55 ఏళ్లు, పీనియాలో పాతికేళ్లకు పైగా లేత్ మిషన్ మీద టర్నరు. పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడింది, ఇప్పుడు ఒక చిన్న షెడ్డు వాళ్లు పనికి రమ్మంటున్నారు. ఆవిడకు 47, గార్మెంట్స్‌లో టైలరు. 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పెన్షన్ పథకం కింద ఆయనకు 58 నిండాక పూర్తి పెన్షన్ వస్తుంది. పీఎఫ్ ఉన్న ఉద్యోగం వదిలేసి, పదేళ్ల సర్వీసు ఉంటే 50 దాటినప్పటి నుంచే అడగొచ్చు. కాకపోతే 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత. ఆయన ఆగుదామంటాడు, ఆవిడ ఇప్పుడే తీసుకోమంటుంది. ఈ చిట్కాలు ఆయన కోసం.

అన్నిటికన్నా ముందు ‘కోత’ అనే మాట పట్టుకోండి. ఎంత కోత అని చెప్పకండి, కోత అని మాత్రమే అనండి. కష్టార్జితం గవర్నమెంటు మింగేస్తుందంటే ఇరుగుపొరుగు కూడా మీ పక్షమే. ఆవిడ కేలండర్ చింపి వెనకవైపు పెన్ను పెట్టిందంటే మాత్రం జాగ్రత్త. 58కి నెలకు 4,000 రావాల్సిన చోట మూడేళ్లు ముందు తీసుకుంటే 12 శాతం పోయి 3,520 వస్తుంది. నెలకు 480 నష్టం. ఇంతవరకూ మీకు అనుకూలమే, ఇక్కడే కేలండర్ లాగేసుకోవాలి. లాగేసుకోకపోతే ఆవిడ కింద ఇంకో వరస రాస్తుంది: ఆ మూడేళ్లలో, అంటే 36 నెలల్లో చేతికొచ్చేది 1,26,720. నెలకు 480 చొప్పున ఆ మొత్తం కరగడానికి 264 నెలలు పడుతుంది. సరిగ్గా 22 ఏళ్లు. అంటే ఆగినందుకు మీరు లాభపడటం మొదలయ్యేది మీకు 80 నిండాక. చీటీ వడ్డీ మాట ఆవిడ ఇంకా ఎత్తనే లేదు.

‘మా నాయన 88 ఏళ్లు బతికినాడు’ అని అందుకోండి. ఆయుష్షు మీద వాదన ఎప్పటికీ తెగదు, అందుకే అది మంచి వాదన. కానీ ఈ తోవలో ఒక గుంట ఉంది. పెన్షన్ తీసుకుంటూ మీరు పోతే, మీరు తీసుకుంటున్న దానిలో సగం ఆవిడకు వస్తుంది. ఆవిడ మీకంటే ఎనిమిదేళ్లు చిన్న. కాబట్టి లెక్క కట్టాల్సింది ఒక ఆయుష్షు కాదు, రెండు. మీరు 75లో పోయారనుకుందాం (తగాదాలో ఇలాంటి మాట ఆవిడ తప్పక అంటుంది). అప్పటికి ముందే తీసుకున్నందుకు ఇంకా 28,800 మిగులే. ఆ తర్వాత ఆవిడకు 2,000కు బదులు 1,760, నెలకు 240 తక్కువ. ఆ మిగులు కరగడానికి పదేళ్లు. ఆవిడకు 77 వచ్చేదాకా ముందు తీసుకున్నదే పైచేయి. ఈ విషయం ఎట్టి పరిస్థితిలోనూ బయటికి రానివ్వకండి.

స్వదేశీ లెక్క ఎదురుతిరిగితే విదేశీ సలహా తెప్పించుకోవాలి. టెక్సాస్‌లో ఉన్న బావమరిది కొడుక్కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టండి. ‘అక్కడ అందరూ ఆగమనే చెప్తారు మామా’ అంటాడు. అతను అబద్ధమేమీ చెప్పడం లేదు. 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్లు అక్కడ 67కు బదులు 62కే సోషల్ సెక్యూరిటీ తీసుకుంటే 30 శాతం కోత. 67 దాటి 70 దాకా ఆగితే ఏడాదికి 8 శాతం అదనం. పైగా ధరలు పెరిగితే ఆ పెన్షన్ కూడా పెరుగుతుంది. మన దగ్గర 58 దాటి ఆగినా రెండేళ్లే, ఏడాదికి 4 శాతమే. ఈ పెన్షన్‌కు డీఏ లేదు, మొదటి నెల ఎంతో ఇరవై ఏళ్ల తర్వాత కూడా అంతే. 60 దాకా ఆగితే 4,000 కాస్తా 4,320 అవుతుంది, వదులుకున్న 96,000 తిరిగి రావడానికి పాతికేళ్లు. ఇవన్నీ పిల్లవాడిని అడగకండి. డాలర్లలో సంపాదించేవాడి మాటకు ఉండే బరువు వేరు.

తర్వాతి అస్త్రం పుకారు. కనీస పెన్షన్ 2014 సెప్టెంబరు నుంచి 1,000 రూపాయలు, దాన్ని 7,500 చేయాలని పెన్షనర్లు ఏళ్ల తరబడి ధర్నాలు చేస్తున్నారు. ‘పెంచినాక తీసుకుందాం’ అనండి. పెంచితే అప్పటికే తీసుకుంటున్నవాళ్లకు రాదా అని ఆవిడ అడిగితే టీవీ సౌండు పెంచండి.

‘ఓపిక పట్టాల’ అని మాత్రం ఆవిడ దగ్గర అనకండి. 2016 ఫిబ్రవరిలో, పీఎఫ్‌లో యజమాని వాటా 58 దాకా తీయకూడదని కేంద్రం ఉత్తర్వు ఇచ్చాక, ఏప్రిల్‌లో హోసూరు రోడ్డునూ తుమకూరు రోడ్డునూ నింపేసింది ఈ ఊరి గార్మెంట్స్ ఆడవాళ్లే. ఏప్రిల్ 19న ఉత్తర్వు వెనక్కి పోయింది. అది పీఎఫ్ డబ్బు, ఇది పెన్షన్, రెండూ వేరు. అయినా 58 దాకా ఆగమనే మాట ఆవిడకు కొత్త కాదు.

అసలు ప్రమాదం ఆవిడ అడగబోయే ఒక చిన్న ప్రశ్నలో ఉంది.

‘చూడప్పా, ఆ కొత్త షెడ్డులో పీఎఫ్ కడతారా?’

మీరు ఆగుదామనడానికి నిజంగా పనికొచ్చే కారణం ఒకే ఒకటి, అది ఈ ప్రశ్నలోనే ఉంది. పెన్షన్‌ను జీతం ఇంటూ సర్వీసు బై 70 అని కడతారు, జీతానికి గరిష్ఠ పరిమితి 15,000. పీఎఫ్ ఉన్నచోట ఇంకో మూడేళ్లు ఆ జీతంతో పనిచేస్తే 45,000ను 70తో భాగించండి, నెలకు 640 పైచిలుకు పెరుగుతుంది. కోత తప్పడం ఒక ఎత్తు, ఈ పెరుగుదల ఇంకో ఎత్తు. రెండూ కలిస్తే ఆగడమే మేలు. కానీ మిమ్మల్ని రమ్మంటున్న షెడ్డులో పనివాళ్లు ఎనిమిది మంది. పీఎఫ్ చట్టం తప్పనిసరయ్యేది 20 మంది ఉన్నచోట. అక్కడ మూడేళ్లు చెమటోడ్చినా సర్వీసు ఒక్క రోజు పెరగదు. పీఎఫ్ లేదు గనక అక్కడ పని చేసుకుంటూనే ముందస్తు పెన్షన్ కూడా తీసుకోవచ్చు. అందుకని ఆవిడ ఆ ప్రశ్న అడగ్గానే, ‘ఆడోళ్లకేం తెల్సు ఇవన్నీ’ అనేయండి. ఏళ్లుగా తన పాస్‌బుక్ తానే చూసుకుంటున్న మనిషి అని మీకు గుర్తుండనవసరం లేదు.

ఇంత చేసినా ఓడిపోతే, 10డి ఫారం మీరే నింపుతానని తీసుకోండి. ఆధార్‌లోనూ పీఎఫ్ రికార్డులోనూ పుట్టినతేదీ ఒకటేనా అని చూడకండి. ఊరి బళ్లో అయ్యవారు వేసిన తేదీ ఒకటి, ఫ్యాక్టరీలో చేరిన రోజు గుమాస్తా రాసుకున్నది ఇంకొకటి అయితే దరఖాస్తు తిరిగొస్తుంది. సరిచేయించడానికి తిరుగుతూ ఉండగానే నెలలు గడుస్తాయి, 58 ఆ మేరకు దగ్గరవుతుంది. ఆగుదామన్నది మీరే కదా.