నీలి టిక్కుల నిశ్చితార్థం

తాంబూలాలు పుచ్చుకున్నారు, ముహూర్తం శ్రావణంలో. ఈలోగా పెళ్లికొడుకు వాట్సాప్‌లో కాపురం పెట్టేశాడు. పొద్దున్నే ‘లేచావా?’, వెంటనే ‘టిఫినేంటి?’, జవాబు రాకముందే ‘ఇడ్లీయేనా?’. దాని కింద విడిగా ఒక ప్రశ్నార్థకం. పెళ్లికూతురు నర్సు. డ్యూటీలో ఫోను లాకరులో ఉంటుంది. సాయంత్రం తీసి చూస్తే ఇడ్లీపై విచారణ కమిషన్ నివేదికంత ఉంది. ఆమె జవాబు: ‘ఊ’.

ఆ ‘ఊ’కు పెళ్లికొడుకు అక్కాబావలు కూర్చుని వ్యాఖ్యానం రాశారు.

2014లో వాట్సాప్ నీలి టిక్కులు తెచ్చినప్పటి నుంచి చదివి ఊరుకోవడం నేరమైంది. అమ్మాయి సెట్టింగుల్లో వాటిని ఆపేసింది. ఆపితే అవతలివాళ్లు చదివిందీ మనకు తెలియదు. ఆమెకా బెంగ లేదు, ఆయన జవాబు అరనిమిషంలో వచ్చి పడుతుంది!

చివరికి పెళ్లిళ్ల పేరయ్యే రాజీ కుదిర్చాడు. లాంఛనాల బేరం కన్నా కష్టమైందట. అబ్బాయి పగటి ముచ్చట్లన్నీ ఒకే మెసేజిలో, ఒకే ప్రశ్నతో పంపాలి. అమ్మాయి డ్యూటీకి వెళ్తూ ‘ఏడింటికి బయటికొస్తా’ అని చెప్పాలి, రాత్రి ఓ వాయిస్ నోట్ పంపాలి. అర్జెంటైతే ఫోన్ చేయొచ్చు. ఇడ్లీ అర్జెంటు కాదు.

అమ్మాయి మాట నిలబెట్టుకుని తొలి వాయిస్ నోట్ పంపింది. టిక్కులు ఆపినా, అది విన్నారో లేదో మైకు గుర్తు రంగును బట్టి తెలుస్తుంది. రాత్రంతా నీలం కాలేదు. అబ్బాయిగారు రేపటి మెసేజి రాసుకుంటున్నారట.